ఈవెంట్స్‌కు ముందు: సాగదీత వార్మప్ కాదు

పోయిన మంగళవారం తెల్లవారుజామున మా గ్రౌండ్‌లో ఒక కుర్రాడు వంద మీటర్ల ట్రయల్ పరుగెడుతూ, అరవై మీటర్లు దాటాక తొడ వెనక చెయ్యి వేసుకుని కూలబడ్డాడు. దగ్గరికి వెళ్తే "మాస్టారూ, నరం పట్టేసిందండి, లోపల టక్‌మంది" అన్నాడు. పోలీసు సెలక్షన్ ఈవెంట్స్‌కు ఇంకా అయిదు వారాలుంది. గ్రౌండ్‌లో అందరికంటే ఎక్కువసేపు ఒళ్లు సాగదీసేవాడు వీడే.

ఒడిశాలోని పర్లాకిమిడికీ ఆంధ్రలోని పాతపట్నానికీ మధ్య రాష్ట్రాల గీత తప్ప పెద్ద దూరం లేదు. అటువాళ్లు ఆంధ్ర కానిస్టేబుల్‌కు, ఇటువాళ్లు ఒడిశా పోలీసుకు, రెండు వైపులవాళ్లూ ఆర్మీ ర్యాలీకి ఒకే గ్రౌండ్‌లో పరుగెత్తుతారు. పుష్యమాసం చలిలో అయిదింటికి వస్తారు. మంచు కురుస్తుంటుంది, ఒళ్లు కొయ్యలా ఉంటుంది. ఈ నెలన్నరలో తొడ వెనక పట్టేసి రెండేళ్ల కష్టం పోగొట్టుకున్న పిల్లల్ని ఏటా చూస్తున్నాను. నీళ్లు తాగండి, నిద్ర పోండి లాంటివి మీకు తెలిసినవే. నేను చెప్పేది సాగదీత గురించి.

ఆ కుర్రాడు ఆ రోజు చేసినది

గ్రౌండ్‌కు రాగానే చెప్పులు విప్పి కూర్చున్నాడు. కాళ్లు చాపి వేళ్లు పట్టుకున్నాడు, స్నేహితుడు వెనక నుంచి వీపు మీద నెట్టాడు. ఒక్కో కాలికి రెండు నిమిషాలకు పైనే. ఇరవై నిమిషాలు అదే పని, ఒక్క చుట్టు కూడా జాగింగ్ లేదు. తర్వాత తన వంతు కోసం చలిలో పావుగంట నిలబడి, నేరుగా పూర్తి వేగంతో వంద మీటర్లు. మొదటిది బాగానే వచ్చింది. మూడోదానికి పోయింది.

సాగదీయడం వల్లే తెగిందని నేను అనను, అలా రుజువు చేయలేం. కానీ సాగదీశాను కాబట్టి ఒళ్లు సిద్ధమైపోయిందనుకున్నాడు. పిల్లల్ని ముంచేది ఈ నమ్మకమే.

మనం నరం అంటాం గానీ అది నరం కాదు, కండరం. హ్యామ్‌స్ట్రింగ్ అంటారు. పిర్ర ఎముక దగ్గర మొదలై మోకాలి కిందిదాకా ఉంటుంది. పూర్తి వేగంలో కాలు ముందుకు విసిరినప్పుడు, పాదం నేల తాకే ముందు, ఆ విసురును ఆపాల్సింది ఇదే. అంటే ఒకపక్క సాగుతూనే మరోపక్క బలంగా బిగపట్టాలి. బండి వాలులో దిగుతుంటే బ్రేకు నొక్కినట్టు. చాలావరకు అక్కడే పోతుంది. కూర్చుని వేళ్లు పట్టుకుంటే ఆ బ్రేకు బలపడదు. వేళ్లు అందడం వేరు, వేగంలో కాలిని ఆపగలగడం వేరు.

పరిశోధనలు ఏమన్నాయి

మీలాంటివాళ్ల మీదే చేసిన పరీక్ష ఒకటుంది. ఆస్ట్రేలియా సైన్యంలో కొత్తగా చేరిన 1538 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపు ప్రతి వార్మప్‌లోనూ కాళ్లలోని ఆరు కండరాలను ఒక్కోటి 20 సెకన్ల చొప్పున సాగదీసింది. రెండో గుంపు అదే వార్మప్ సాగదీత లేకుండా చేసింది. ట్రైనింగ్ అయ్యేసరికి రెండు గుంపుల్లోనూ కాలి దెబ్బలు దాదాపు సమానం. తేడా ఎక్కడొచ్చిందంటే దమ్ములో. పరుగు పరీక్షలో వెనకబడినవాళ్లకే దెబ్బలు ఎక్కువ తగిలాయి. ఇది 2000లో వచ్చిన పరిశోధన. సాగదీత వల్ల కండరాలు పట్టేయడం కొంత తగ్గవచ్చని ఆ తర్వాత కొందరు అన్నారు, ఆ మాటనూ కొట్టేయను. ఎముక, కీలు దెబ్బల మీద మాత్రం దాని ప్రభావం కనబడలేదు.

రెండో సంగతి వేగం. ఒక్కో కండరాన్ని నిమిషానికి మించి కదలకుండా పట్టి సాగదీస్తే, ఆ వెంటనే గెంతడంలో, పరుగులో, బలంలో సగటున నాలుగైదు శాతం తగ్గుతుందని 2016లో చాలా పరిశోధనలను కలిపి చూసినవాళ్లు లెక్కగట్టారు. నిమిషం లోపు అయితే తగ్గుదల ఒక శాతం దగ్గరే. వంద మీటర్లలో, లాంగ్‌జంప్‌లో నాలుగు శాతం అంటే ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు.

అలాగని సాగదీత మానేయమని కాదు, దాని చోటు మార్చమంటున్నాను. వారాల తరబడి చేస్తే ఒళ్లు నిజంగానే మరికొంత వంగుతుంది. అయితే మొదటి కొన్ని వారాల్లో కండరం పెద్దగా పొడవు పెరగదు, లాగుడును ఓర్చుకోవడం అలవాటవుతుంది. అందుకే రెండు వారాలు మానితే మళ్లీ బిగుసుకున్నట్టు ఉంటుంది.

వారంలో దేని చోటు ఎక్కడ

సోమవారం వంద మీటర్లు, బుధవారం 1600 మీటర్ల పరుగు కోసం నాలుగు వందల మీటర్ల ముక్కలు, శుక్రవారం లాంగ్‌జంప్, చిన్న స్ప్రింట్లు. ఈ మూడూ గట్టి రోజులు. ఆ ఉదయాల్లో పట్టి ఉంచే సాగదీత వద్దు. మంగళ, శనివారాలు నెమ్మది పరుగు, గురువారం నడక, ఆదివారం ఏమీ లేదు. సాగదీత మంగళ, గురు, శనివారాల్లో పెట్టుకోండి. పరుగో నడకో అయ్యాక ఒళ్లు వెచ్చగా ఉన్నప్పుడైనా సరే, సాయంత్రమైనా సరే. తొడ వెనక, తొడ ముందు, పిక్క, తుంటి ముందుభాగం. ఒక్కోదాన్ని 30 సెకన్లు, నాలుగుసార్లు, రెండు కాళ్లకూ. మూడు రోజులకు ఒక్కో కండరానికి ఆరు నిమిషాలు వస్తుంది. వారానికి అయిదు నిమిషాలు దాటితే సరిపోతుందన్నది పరిశోధనల మాట. లాగుతున్నట్టు తెలియాలి, నొప్పి రాకూడదు. వీపు మీద నెట్టే స్నేహితుడు అక్కర్లేదు.

తొడ వెనక కండరాన్ని కాపాడుతుందని గట్టి రుజువున్నది వేరే కసరత్తు. నార్డిక్ అంటారు. మడిచిన గోనెసంచి మీద మోకాళ్లు ఆన్చండి, స్నేహితుడు మీ మడమలను అదిమి పట్టుకోవాలి (వాడికి ఇప్పుడు పనిచెప్పండి). మోకాలి నుంచి తల దాకా ఒకే గీతలా ఉంచి, తొడ వెనక బిగబట్టి, వీలైనంత నెమ్మదిగా ముందుకు వాలండి. ఇక ఆగలేననిపించినప్పుడు చేతులు ఆన్చి, నేలను నెట్టి పైకి రండి. డెన్మార్క్‌లో 942 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్లలో ఇది చేసిన జట్లకు ఆ ఏడాది 15 హ్యామ్‌స్ట్రింగ్ దెబ్బలు తగిలితే, చేయని జట్లకు 52 తగిలాయి. మొదటి వారం ఒక్క రోజే, అయిదేసి చొప్పున రెండుసార్లు. రెండో వారం రెండు రోజులు, ఆరేసి చొప్పున రెండుసార్లు. ఆ తర్వాతే పెంచండి. పరుగు అయ్యాకే చేయాలి, ముందు కాదు. మొదట్లో మర్నాడు మెట్లు దిగడానికి కూడా ఏడుపొస్తుంది. అందుకే ఈవెంట్స్‌కు రెండు వారాలే ఉంటే మొదలుపెట్టకండి.

పరుగు అయ్యాక

కూల్‌డౌన్ మీద మన గ్రౌండ్‌లో పురాణాలు చాలా ఉన్నాయి. లాక్టిక్ యాసిడ్ బయటికి పోకపోతే మర్నాడు నొప్పులొస్తాయంటారు. నెమ్మదిగా కదిలితే లాక్టేట్ కాస్త తొందరగా తగ్గే మాట నిజమే. ఊరికే కూర్చున్నా కొద్దిసేపట్లో అదే తగ్గుతుంది. మర్నాటి నొప్పికి కారణం అది కాదు కూడా. పరుగయ్యాక సాగదీస్తే నొప్పులు తగ్గుతాయా అన్నదీ చూశారు. వంద పాయింట్ల నొప్పి కొలతలో తేడా ఒకటి నుంచి నాలుగు పాయింట్ల మధ్యే, మనిషికి తెలియనంత. హాయిగా అనిపిస్తే చేసుకోండి, చేయలేదని టెన్షన్ పడకండి.

కూల్‌డౌన్‌లో నేను వదలనిది నడక ఒక్కటే. 1600 ముగించి గీత దాటగానే నేల మీద పడకండి, ఒక్కచోట నిలబడిపోకండి. పరుగులో పిక్కలే రక్తాన్ని పైకి తోస్తాయి. ఠక్కున ఆగితే ఆ తోపు ఆగి రక్తం కాళ్లలో ఉండిపోతుంది, కళ్లు తిరుగుతాయి. అయిదు నుంచి పది నిమిషాలు నడవండి, చాలు.

ఇక వినండి

సాగదీత వార్మప్ కాదు. మళ్లీ చెప్తున్నాను, కాదు.

వార్మప్ అంటే ఆరేడు నిమిషాల జాగింగ్, చెమట పట్టేదాకా. తర్వాత కాళ్లు ముందుకూ వెనక్కూ ఊపడం, మోకాళ్లు ఎత్తడం, మడమలు పిర్రలకు తగలడం, పెద్ద అడుగులు వేస్తూ మోకాళ్లు వంచి నడవడం. ఆపైన అరవై మీటర్లు మూడుసార్లు: సగం వేగం, ముప్పావు, దాదాపు పూర్తి.

ముప్పావు వేగం పరుగు లేకుండా పూర్తి వేగం లేదు.

వార్మప్ అయ్యాక పావుగంట నిలబడ్డావా, సగం పోయింది. మళ్లీ చెయ్యి.

ఒక కండరం మరీ బిగుసుకున్నట్టుంటే 15 సెకన్లు లాగు, వదిలెయ్యి. ఆ తర్వాత మళ్లీ కదులు.

టక్‌మంటే ఆగిపో. ఇంకొక్క ట్రయల్ అనకు.

పట్టేసినదాన్ని సాగదీయకు. తెగిన పోగును లాగితే ఇంకా తెగుతుంది. పట్టు విడిపిస్తానని కాలు లాగేవాణ్ణి దగ్గరికి రానివ్వకు.

మొదటి రెండు మూడు రోజులు నూనె మాలిష్ లేదు, కాపడం లేదు. చల్లటి గుడ్డ, గుడ్డపట్టీ, కాలు ఎత్తున పెట్టుకోవడం.

తొడ వెనక నల్లగా కమిలినా, పిర్ర ఎముక దగ్గరే పోటు ఉన్నా, నాలుగడుగులు కుంటకుండా వేయలేకపోయినా ఎముకల డాక్టరుకు చూపించు.

నొప్పి లేకుండా నడవగలిగితే జాగింగ్. జాగింగ్ కుదిరితే సగం వేగం. రెండు కాళ్ల బలం సమానంగా అనిపించేదాకా పూర్తి వేగం లేదు. ఒకసారి పట్టేసిన కాలు రెండోసారి తేలిగ్గా పట్టేస్తుంది.

పరుగయ్యాక ఎవరైనా తూలుతూ పొంతన లేకుండా మాట్లాడితే నడిపించకు. నీడలో పడుకోబెట్టి ఒంటినిండా నీళ్లు పొయ్యి, విసురు, 108కి ఫోన్ చెయ్యి. అది వడదెబ్బ కావచ్చు, చలికాలంలోనూ తగులుతుంది.

ఈవెంట్స్ ముందు మూడు రోజులు కొత్త కసరత్తు ఏదీ లేదు, నార్డిక్ కూడా.

ఆ రోజు ఎత్తు, ఛాతీ కొలతలయ్యేసరికి ఒళ్లు చల్లారిపోతుంది. పక్కవాడు కూర్చుని వేళ్లు పట్టుకుంటున్నాడని నువ్వూ కూర్చోకు. మూలకు పోయి జాగింగ్ చెయ్యి.

నిక్కరు మీద ట్రాక్ ప్యాంటు నీ నంబరు పిలిచేదాకా విప్పకు.