పల్ప్ ఫ్యాక్టరీ ఆడిట్‌కి వెళ్తున్నారా? డ్రమ్మును మీరే ఎంచుకోండి

జూన్ వస్తే చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు తెరుస్తారు. వాటితో పాటు జ్యూస్ కంపెనీల తరఫున ఆడిట్‌కి వచ్చే కుర్రాళ్ళు కూడా దిగుతారు. వాళ్ళలో కొందరు ఫోన్ చేసి చెక్‌లిస్ట్ అడుగుతుంటారు. చెక్‌లిస్టులు మీ కంపెనీలోనే బోలెడు ఉంటాయి. తలకి టోపీ ఉందా, ఈగల లైటు వెలుగుతోందా, లైసెన్సు గోడకి తగిలించారా అన్నవి నేను చెప్పక్కర్లేదు. పోయిన సెప్టెంబర్‌లో జరిగింది మాత్రం చెప్పాలి.

ఒక కొనుగోలుదారు గోడౌన్‌లో 160 డ్రమ్ముల తోతాపురి పల్ప్ లాట్ ఉంది. డ్రమ్ముకి 215 కిలోలు, అంటే రెండు కంటైనర్ల సరుకు. అందులో 11 డ్రమ్ముల్లో లోపలి ఎసెప్టిక్ బ్యాగు, అంటే సూక్ష్మజీవులు లేకుండా మూసిన సంచి, ఉబ్బి మూత పైకి లేచింది. లోపల ఈస్ట్ పెరిగి గ్యాస్ పుట్టిందన్నమాట. సంగతేంటో చూసి రమ్మని నన్ను పంపారు. ముందుగా ఆ ఫ్యాక్టరీ మీద జులైలో రాసిన ఆడిట్ రిపోర్టు చదివాను. నూటికి 94 మార్కులు. ట్రేసబిలిటీ పరీక్ష, అంటే సరుకు నుంచి దాని రికార్డుల దాకా వెనక్కి వెళ్ళి చూడడం, 'సంతృప్తికరం'.

పరీక్ష ఎలా చేశారని ఆ ఆడిటర్‌ని అడిగాను. "ఏదైనా ఒక లాట్ రికార్డు చూపించమన్నాను సార్, చూపించారు" అన్నాడు. జూన్ 19 లాట్ ఫైలు తెచ్చి ముందు పెట్టారట. చార్టులు, రిజిస్టర్లు, ల్యాబ్ రిపోర్టులు అన్నీ వరసగా కుట్టి ఉన్నాయట. ఉబ్బిన సరుకు జూన్ 27 రాత్రిది. ఆడిట్ రోజుకి అది ఆ ఫ్యాక్టరీ గోడౌన్‌లోనే, అతను కాఫీ తాగిన గదికి ఇరవై అడుగుల దూరంలో ఉంది.

నేను చూసిన తప్పుల్లో మనుషుల్ని ముంచింది ఇదొక్కటే. డ్రమ్మును వాళ్ళని ఎంచుకోనివ్వడం.

వెళ్ళే ముందు

ఫ్యాక్టరీ నడుస్తున్న రోజే వెళ్ళండి. మే నెలలో వెళ్తే కొత్త పెయింటు వాసన తప్ప ఏమీ దొరకదు. వీలైతే ఒక పూట రాత్రి షిఫ్టులో ఉండండి. జులైలో కాయ ముంచుకొచ్చినప్పుడు లైను ఆపడానికి ఎవరికీ మనసు రాదు. తప్పులు జరిగేది అప్పుడే.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు 14 అంకెల నంబరును ఆఫీసులోనే ఆన్‌లైన్‌లో సరిచూసుకోండి. అడ్రసు, తయారీ రకం, గడువు, ఈ మూడూ చాలు. అక్కడికి వెళ్ళాక ఆ కాగితం మీద సమయం వృథా చేయకండి.

గోడౌన్ నుంచి వెనక్కి

మామూలుగా వాళ్ళు మనల్ని కాటా దగ్గర మొదలుపెట్టి గోడౌన్ దాకా తిప్పుతారు. మీరు గోడౌన్ దగ్గర మొదలుపెట్టండి. లోపలి వరసల్లోకి నడవండి. గోడవైపు ఉన్నదో, ఫోర్క్‌లిఫ్ట్ అందని మూలలో ఉన్నదో ఒక డ్రమ్ము చూసి నంబరు మీ చేత్తో రాసుకోండి. రాత్రి షిఫ్టులో నింపిన నంబరు అయితే మరీ మంచిది. "అది వేరే పార్టీ లాట్ సార్" అంటారు. ఫర్వాలేదనండి. పార్టీ పేరు మూసి పెట్టి చూపించమనండి. లైను ఒకటే, మనిషి ఒకడే, అలవాటు ఒకటే.

ఇక ఆ నంబరు పట్టుకుని వెనక్కి నడవాలి. జూన్ 27 లాట్‌తో నేను చేసింది చెప్తాను.

ఫిల్లింగ్ రిజిస్టర్ ప్రకారం రాత్రి 11 గంటలకి మొదటి డ్రమ్ము నింపారు. లైను సామర్థ్యం గంటకి 5 టన్నులు. అంటే ఒక్కో డ్రమ్ముకి రెండున్నర నిమిషాల పైచిలుకు. రిజిస్టర్‌లో తెల్లారేదాకా అదే వేగం, ఎక్కడా మూడు నిమిషాల ఖాళీ కూడా లేదు. రాసింది ఒకే పెన్ను, ఒకే చేతిరాత, ఒక్క రసం మరక లేదు. పల్ప్ ఫ్యాక్టరీలో మరక లేని రిజిస్టర్ చూస్తే నాకు భయమేస్తుంది.

తర్వాత స్టెరిలైజర్ చార్టు తీయించాను. వాళ్ళ ప్రాసెస్ షీట్‌లో గుజ్జును వేడి మీద కాసేపు నిలిపే హోల్డింగ్ ట్యూబు చివర ఉండాల్సింది 105 డిగ్రీలు. 2:10కి గీత 86కి పడి, 2:20కి మళ్ళీ 105కి వచ్చింది. రికార్డర్ గడియారం సరిగ్గా ఉందో లేదో తెలియదు కాబట్టి జనరేటర్ లాగ్ బుక్ అడిగాను. అందులో 2:12కి స్టార్ట్ అని ఉంది. కరెంటు పోయిందన్నమాట. ఆ పది నిమిషాల్లో 74 నుంచి 77 దాకా నాలుగు డ్రమ్ములు నింపినట్టు రిజిస్టర్ చెబుతోంది.

వేడి పడిపోతే డైవర్షన్ వాల్వ్ తిరిగి, పల్ప్ ఫిల్లర్‌కి పోకుండా వెనక్కి మళ్ళాలి. ఆ తర్వాత స్టెరిలైజర్ నుంచి ఫిల్లర్ మూతి దాకా మొత్తం దారిని మళ్ళీ స్టెరిలైజ్ చేయాలి. దానికి అరగంట పైనే పడుతుంది. రిజిస్టర్‌లో ఆ అరగంట లేదు. అంటే ఆపలేదు. సరిగ్గా ఉడకని గుజ్జు ఒక్కసారి ఫిల్లర్ దారిలోకి పోయాక, వెనకాల 105 డిగ్రీలు ఉన్నా ఆ దారి శుభ్రం కాదు. అందుకే అనుమానం నాలుగు డ్రమ్ములతో ఆగదు. 74 నుంచి 160 దాకా 87 డ్రమ్ములూ పక్కన పెట్టాల్సిందే. ఉబ్బిన 11 డ్రమ్ములూ 74 తర్వాతి నంబర్లే.

చార్టును ఎవరూ దాచలేదు. ఫైల్లోనే ఉంది. అడిగినవాడు లేడు, అంతే.

కాయకీ డ్రమ్ముకీ లెక్క

అదే డ్రమ్ముతో ఇంకా వెనక్కి, కాటా దగ్గరికి వెళ్ళండి. తోతాపురిలో సుమారు సగం బరువు గుజ్జుగా వస్తుంది. బాగా పండిన కాయైతే ఇంకొంచెం పైకి. 160 డ్రమ్ములంటే 34.4 టన్నులు, కాబట్టి దాదాపు 69 టన్నుల పండు లోపలికి వచ్చి ఉండాలి. మాగేటప్పుడు తగ్గే బరువు, ఏరి పారేసే కుళ్ళు దీనికి అదనం.

ఇంకోచోట ఇంతే సరుకుకి కాటా చీటీలు కూడితే 41 టన్నులే తేలాయి. అంటే నూటికి 84 పాళ్ళ గుజ్జు. అంత గుజ్జిచ్చే తోతాపురి ఈ జిల్లాలో కాయదు. గట్టిగా అడిగితే, మిగతాది పక్క యూనిట్‌లో జాబ్ వర్క్ చేయించామన్నారు. ఆ పక్క యూనిట్‌ని ఎవరూ ఆడిట్ చేయలేదు. కాటా చీటీల మీద అనుమానం ఉంటే టెంక, తొక్క తీసుకెళ్ళిన ట్రాక్టర్ల చీటీలు కూడండి. కాయ చీటీ రాసేవాడికి మన సంగతి తెలుసు, తొక్క చీటీ రాసేవాడికి తెలియదు.

ఇక్కడ కూడా లాట్ మీరు ఎంచుకున్నదే అయి ఉండాలి. వాళ్ళు తెచ్చిన లాట్‌కి లెక్క ఎప్పుడూ కుదురుతుంది.

మాగబెట్టే షెడ్డు

కార్బైడ్ నిషేధం. ఎథిలీన్ గ్యాస్ 100 పీపీఎం దాకా వాడొచ్చు. ఛాంబర్ మీటరు చూసి టిక్కు పెట్టి వచ్చేయకండి. షెడ్డు వెనక చెత్తకుప్ప దగ్గరికి వెళ్ళండి, కార్బైడ్ వాడి ఉంటే ఖాళీ పొట్లాలు అక్కడ దొరుకుతాయి. క్రేట్ అడుగున బూడిదరంగు పొడి, వెల్లుల్లి లాంటి వాసన ఉంటే ఫోటో తీయండి. కాయ బయట కొనుగోలు చేసే ర్యాంపుల నుంచి వస్తే అక్కడే మాగబెట్టారా అని కూడా అడగాలి.

2025లో ఫ్యాక్టరీ కిలోకి 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అన్న సీజన్ గుర్తుందా? గేట్ల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి ఆగాయి. అలాంటప్పుడు లోడు పైన కాయ బాగానే కనిపిస్తుంది, అడుగున నలిగి కారుతుంటుంది. ఏరే బల్ల దగ్గర లోడు మొదట్లో కాదు, చివర్లో నిలబడండి.

రిపోర్టు

'రికార్డుల నిర్వహణ మెరుగుపడాలి' అని రాశారంటే మీరు ఏమీ రాయనట్టే. ఇలా రాయండి: 'జూన్ 27 రాత్రి 2:10 నుంచి 2:20 వరకు చార్టులో ఉష్ణోగ్రత 105 నుంచి 86కి పడింది. ఆ సమయంలో 74–77 డ్రమ్ములు నింపినట్టు రిజిస్టర్‌లో ఉంది. మళ్ళీ స్టెరిలైజ్ చేసిన నమోదు చూపించలేదు.' 'చేయలేదు' అని రాయకండి, మీరు అక్కడ లేరు. 'చూపించలేదు' అన్నదాన్ని ఎవరూ కాదనలేరు.

తప్పు క్రిటికలా, మేజరా, మైనరా అన్నది సరుకుకి జరిగే నష్టాన్ని బట్టి పెట్టండి, మేనేజర్ మంచితనాన్ని బట్టి కాదు. పైన చెప్పింది క్రిటికల్. నూటికి ఎన్ని మార్కులొచ్చినా క్రిటికల్ ఒక్కటుంటే మొదటి పేజీ మొదటి లైనులో అదే ఉండాలి.

చూడనివి కూడా రాయండి. రాత్రి షిఫ్టు చూడలేదు, ఒక ఛాంబర్ తాళం తీయలేదు, ఇలా.

ముగింపు మీటింగులో ప్రతి పాయింటూ చదివి వినిపించండి. సంతకం తీసుకోండి.

ఒప్పుకోకపోతే వాళ్ళ అభ్యంతరం వాళ్ళ మాటల్లోనే కింద రాయండి.

'సిబ్బందికి శిక్షణ ఇచ్చాం' అన్న జవాబుతో క్రిటికల్ మూయకండి. కరెంటు పోయి వేడి పడితే ఫిల్లర్ తనంతట తాను ఆగేలా ఇంటర్‌లాక్ పెట్టారా? మీ ముందు కరెంటు ఆపి చూపించమనండి.

రికార్డు రావడానికి నాలుగు గంటలు దాటితే, దాటిందని టైముతో రాయండి.

'ఫైలు తిరుపతి ఆఫీసులో ఉంది' అంటే తెప్పించమనండి. కూర్చోండి.

జిరాక్సు వద్దు. అసలు రిజిస్టర్.

భోజనానికి బయటికి తీసుకెళ్తామంటే వెళ్ళకండి. ఆ గంటన్నరలో రిజిస్టర్లు నిండుతాయి.

కారు డిక్కీలో ఇమాం పసంద్ పెట్టె పెడతారు. దింపేయండి.

దారిలో పర్చేజ్ మేనేజర్ ఫోన్ చేసి 'క్రిటికల్‌ని మేజర్ చేయొచ్చేమో చూడు' అంటే, అదే మాట మెయిల్‌లో రాయమనండి.

డ్రమ్ము నంబరు ముందు రోజు ఫోన్‌లో చెప్పకండి. గోడౌన్‌లో నిలబడ్డాక చెప్పండి.

"ఈ వరస తీయడం కష్టం సార్, ముందువరసలోది చూడండి" అంటే ఆ వరసే తీయించండి.