మొక్కలో నీటి దారి – నాలుగో పాఠం: గాఢత చూసి దిక్కు చెప్పకండి

పోయినసారి చివర్లో ఇచ్చిన లెక్కకు వచ్చిన జవాబులు చూశాక, ఈ వారం అనుకున్న పాఠాన్ని కాస్త వెనక్కి జరపక తప్పలేదు. లెక్క చిన్నదే, నీటి శక్మం మీద, అంటే నీటికి ఒక చోటు నుంచి కదిలిపోయే శక్తి ఎంత ఉందో చెప్పే కొలత మీద. పక్కపక్కనే ఆనుకుని రెండు కణాలు ఉన్నాయి. మొదటి కణం ద్రావిత శక్మం -0.7, పీడన శక్మం +0.4. రెండో కణం ద్రావిత శక్మం -0.5, పీడన శక్మం సున్నా. నీరు ఎటు పోతుంది? చాలామంది రెండో కణం నుంచి మొదటి కణంలోకి అన్నారు. కారణం కూడా ఒకటే రాశారు: మొదటి కణంలో గాఢత ఎక్కువ కాబట్టి.

గాఢత పెరిగేకొద్దీ ద్రావిత శక్మం సున్నా కంటే కిందికి దిగుతుంది కాబట్టి గాఢత ఎక్కువన్నది నిజమే, దిక్కు మాత్రం తప్పు. మొత్తం శక్మం Ψ అంటే ద్రావిత శక్మం Ψs, పీడన శక్మం Ψp కలిపినదే, సూత్రం మీకు తెలిసిందే:

Ψ = Ψs + Ψp

మొదటి కణానికి -0.7 + 0.4 = -0.3. రెండో కణానికి -0.5 + 0 = -0.5. నీరు ఎప్పుడూ ఎక్కువ శక్మం నుంచి తక్కువ శక్మానికి పోతుంది. -0.3 ఎక్కువ, -0.5 తక్కువ. కాబట్టి గాఢంగా ఉన్న కణం నుంచే పలుచగా ఉన్న కణంలోకి నీరు పోతుంది. మొదటి కణంలో నీరు నిండి కణకవచం లోపలికి ఒత్తుతోంది. ఆ ఒత్తిడి నీటిని బయటికి తోస్తోంది. రెండో కణం వదులుగా ఉంది, తోసేది ఏమీ లేదు. (అన్నీ మెగాపాస్కళ్లే. ఇకపై ప్రతిసారీ రాయను. పాత పుస్తకాల్లో బార్‌లు కనిపిస్తే పదితో భాగించుకోండి.)

ఋణ సంఖ్యల దగ్గర తడబడేవారికి నేను వాడే పద్ధతి చెబుతాను. కాగితం మీద నిలువుగా గీత గీసి, పైన సున్నా పెట్టి, కిందికి -0.1, -0.2 అంటూ దిగండి. కణాల మొత్తం శక్మాలను దాని మీద గుర్తించండి. నీరు కిందికే దిగుతుంది. గీతమీద Ψs విలువను మాత్రం గుర్తించవద్దు. జరిగిన పొరపాటంతా అక్కడే ఉంది. "నీరు గాఢత ఎక్కువ ఉన్న వైపు పోతుంది" అన్న వాక్యం రెండు వైపులా పీడనం సమానంగా ఉన్నప్పుడే చెల్లుతుంది. బీకరులో పొరకు అటూ ఇటూ పోసిన ద్రావణాలకు అది సరిపోతుంది. మొక్క లోపల పీడనాలు సమానంగా ఉండే చోటు వెతికినా దొరకడం కష్టం.

దీని గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఆ వాక్యాన్ని నమ్ముకుంటే మొక్కలోకి నీరు ఎక్కడం అసాధ్యమని తేలుతుంది. చూడండి.

తడి నేల శక్మం -0.1 అనుకుందాం. మూలకేశంలో Ψs -0.7, Ψp +0.4, మొత్తం -0.3. నేల నుంచి మూలకేశంలోకి నీరు వస్తుంది, ఇంతవరకు గాఢతవాదులకూ ఇబ్బంది లేదు. వల్కలం లోపలి కణాల్లో Ψs అదే -0.7, కానీ Ψp +0.3, మొత్తం -0.4. ఇక్కడ గాఢతలు సమానం, అయినా నీరు కదులుతోంది. తర్వాత నీటిని పైకి మోసే దారువు. దారునాళంలోని ద్రవం దాదాపు నీరే, ఖనిజ లవణాలు కొద్దిగా ఉంటాయి, Ψs -0.1 మాత్రమే. గాఢతను బట్టి చెప్పాలంటే దారువులోని నీరంతా తిరిగి వల్కలంలోకి వచ్చేయాలి. అలా జరగదు, ఎందుకంటే ఎండ వేళ దారువులో Ψp -0.5 ఉంది. మొత్తం -0.6. వల్కలం -0.4, దారువు -0.6. నీరు లోపలికే.

పీడనం సున్నా కంటే తక్కువ ఎలా ఉంటుందని అడిగినవారు ఉన్నారు. మంచి ప్రశ్న. మనం సున్నా అంటున్నది వాతావరణ పీడనాన్ని. ఆ పీడనం 0.1 కాబట్టి, పాత్రలోంచి గాలి మొత్తం తోడేసినా -0.1 దాకానే వెళ్లగలం. -0.5 అంటే శూన్యం కంటే కింద. అది వాయువుకు సాధ్యం కాదు, నీటికి సాధ్యం. నీటి అణువులు ఒకదాన్నొకటి, నాళం గోడనూ గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి నీటి స్తంభాన్ని పైనుంచి లాగితే అది తెగకుండా సాగదీసినట్టు ఉంటుంది. దారునాళం గోడలు లిగ్నిన్‌తో మందంగా ఉండబట్టి ఆ లాగుడుకు లోపలికి నలిగిపోవు. ఎక్కడైనా గాలి బుడగ పుడితే మాత్రం ఆ నాళంలో స్తంభం తెగుతుంది, ఆ నాళం పనిచేయదు.

లాగేది ఆకు. పత్రరంధ్రాల గుండా నీరు ఆవిరైపోతుంటే పత్రాంతర కణాల గోడల్లోని నీటి పొరలు వెనక్కి వంగి కింది నీటిని లాగుతాయి. మన మొక్కలో పత్రకణానికి Ψs -1.3, Ψp +0.5, మొత్తం -0.8 అనుకోండి. గీత మీద వరుస పూర్తయింది: -0.1, -0.3, -0.4, -0.6, -0.8. పది మీటర్ల ఎత్తుకు గురుత్వం 0.1 తీసుకుంటుంది, మీటరు మొక్కకు 0.01 కాబట్టి వదిలేశాను. ఎత్తైన చెట్టుకు వదలకూడదు.

ఇందులో ద్రవాభిసరణ ఎక్కడుంది? పొర ఉన్నచోటే. నీరు కణకవచాల వెంట వల్కలం దాటి రావచ్చు, కానీ వల్కలం లోపలి అంచున ఉండే అంతశ్చర్మం దగ్గర, కణకవచాల్లో నీరు చొరనివ్వని కాస్పేరియన్ పట్టీ ఆ దారిని మూసేస్తుంది. అక్కడ ప్లాస్మాపొర దాటక తప్పదు. పొర దాటేచోట Ψs, Ψp రెండూ లెక్కలోకి వస్తాయి. దారువులోకి చేరాక ఆకు దాకా మధ్యలో పొర లేదు, అక్కడ పీడనంలో తేడాయే నీటిని నడుపుతుంది. కాబట్టి "ద్రవాభిసరణతో నీరు ఆకుకు చేరుతుంది" అని రాయకండి, మార్కులు ఇవ్వను.

రాత్రి పత్రరంధ్రాలు మూసుకుంటే లాగుడు తగ్గుతుంది, దారువు పీడనం సున్నా వైపు పెరుగుతుంది. నేల బాగా తడిగా ఉంటే వేరు లవణాలను దారువులోకి పంపుతూనే ఉంటుంది, అంతశ్చర్మం వాటిని బయటికి పోనివ్వదు. అప్పుడు మాత్రం నీరు నిజంగా గాఢతను బట్టే లోపలికి వచ్చి, దారువులో ధనాత్మక పీడనం పుడుతుంది. తెల్లవారుజామున గడ్డి కొసల్లో వరుసగా నిలిచే చుక్కల్లో కొన్ని ఇలా లోపలి నుంచి వచ్చినవే. ఆకు అంతటా పరుచుకున్న తడి మంచు. సరిగ్గా కొసన, ఈనె ముగిసేచోట ఉన్న చుక్క బిందుస్రావం. ఆ వేరు పీడనం సాధారణంగా 0.1కి అటూ ఇటూ ఉంటుంది, ఎత్తైన చెట్టుకు నీరెత్తడానికి ఏ మాత్రం చాలదు.

అభ్యాసం ఒక్కటే, కానీ గంట పడుతుంది. పై మొక్కకు ఉప్పునీరు పోశాం. నేల నీటిలో సోడియం క్లోరైడు 0.1 మోలార్, ఉష్ణోగ్రత 25 డిగ్రీలు.

Ψs = -iCRT

ఇందులో C మోలార్ గాఢత, i = 2, R = 0.0083, T = 298 కెల్విన్ అని తీసుకోండి. వచ్చిన విలువను దశాంశం తర్వాత ఒక అంకెకు సవరించి, నేలకు ముందే ఉన్న -0.1కి కలపండి. ఉప్పు వేర్లలోకి చొరబడలేదనీ, కణాల Ψs మారలేదనీ అనుకుని మూడింటికి జవాబు రాయండి. ఒకటి, పోసిన వెంటనే మూలకేశానికీ నేలకూ మధ్య నీరు ఎటు పోతుంది, మూలకేశం Ψp ఎంతకు పడిపోయాక ఆగుతుంది? రెండు, నేలకూ దారువుకూ, దారువుకూ ఆకుకూ మధ్య మునుపటి తేడాలే మళ్లీ నిలవాలంటే దారువు, ఆకు ఎంతకు దిగాలి? మూడు, అంతకు దిగిన ఆకులో Ψp ఎంత మిగులుతుంది, దాన్ని చూస్తే మొక్క ఎలా కనిపిస్తుంది?

మూడోదానికి "వాడిపోతుంది" అని ఒక్క ముక్క రాసి పంపకండి. గీత మీద గుర్తులు పెట్టి పంపండి. ఆకు తన Ψsను -1.8కి దించుకోగలిగితే ఏమవుతుందో కూడా కలిపి రాసినవారి జవాబులతో అయిదో పాఠం మొదలుపెడతాను.