ఫొటోలో బాల్కనీ, ఇంట్లో గోడ: ఏజెంట్‌కి రాసిన రెండో ఉత్తరం

మేం అద్దెకి తీసుకున్న ఫ్లాట్ ప్రకటనలో రెండో బెడ్‌రూమ్‌కి బాల్కనీ తలుపు కనిపించింది. తాళాలు తీసుకుని వెళ్తే అక్కడ చిన్న కిటికీ, దాని ఎదురుగా పక్క బిల్డింగ్ గోడ. కోపంలో "మమ్మల్ని మోసం చేశారు" అని రెండు పేజీలు రాసి పంపాను. వారం దాటినా జవాబు లేదు. ఇప్పుడు చదివితే నాకే తెలుస్తోంది, అందులో తిట్లు తప్ప పట్టుకోదగ్గ విషయం ఒక్కటీ లేదు.

రెండోసారి ముందుగా ప్రకటన ఇంకా ఉందో లేదో చూశాను. అదృష్టం, తీసేయలేదు. లింకు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీశాను. తర్వాత ఫొటో తీసినవాళ్లు నిలబడ్డ మూలలోనే నిలబడి నేనూ ఒకటి తీశాను. రెండూ పక్కపక్కన పెడితే అసలు సంగతి బయటపడింది: వాళ్ల ఫొటోలో స్విచ్‌బోర్డు తలుపుకి ఎడమవైపు, మా గదిలో కుడివైపు. అంటే అది వేరే ఫ్లాట్ ఫొటో! గది ఇరుగ్గా ఉందన్న మాట మాత్రం వదిలేశాను. వైడ్ లెన్స్‌తో తీస్తే ఏ గదైనా పెద్దగానే కనిపిస్తుంది, దాని మీద వాదన తెగదు.

ఉత్తరం ఈసారి అర పేజీ:

"మీ ప్రకటనలోని నాలుగో ఫొటో ఈ ఫ్లాట్‌ది కాదు. స్విచ్‌బోర్డు, తలుపు ఉన్న చోట్లు చూడండి. బాల్కనీ ఉందనుకునే ఈ అద్దెకి ఒప్పుకున్నాను. అద్దె తగ్గించండి, లేదా జరిమానా లేకుండా ఒప్పందం రద్దు చేయండి. పది రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి."

మూడో రోజు ఫోన్ వచ్చింది. "ఫొటోలు కలిసిపోయాయండీ" అన్నారు. సరే, అదే మాట మెయిల్‌లో రాయమన్నాను. రాశారు. ఓనర్‌తో మాట్లాడి అద్దె కొంత తగ్గించారు, నేను అడిగినంత కాదు. ఆ ఫొటో మాత్రం అదే సాయంత్రం మాయమైంది.