మందు అలవాటున్నవాళ్ళు జ్వరమొస్తే పారాసిటమాల్ ఎలా వేసుకోవాలి?

మా బాబాయ్ రోజూ సాయంత్రం ఒక క్వార్టర్ వేస్తాడు, ఇరవై ఏళ్ళ అలవాటు. ఆమధ్య జ్వరమొచ్చి మందు మానేశాడు, అన్నం కూడా సహించక వదిలేశాడు. నోట్లోకి పోయింది టాబ్లెట్లు మాత్రమే. "మందు ముట్టలేదు కదరా, ఇక భయమేంటి" అన్నాడు. అసలు డేంజర్ అక్కడే ఉంది, అందుకే ఇది రాస్తున్నా.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మనం వేసుకున్న పారాసిటమాల్‌లో ఎక్కువ భాగాన్ని లివర్ ఏ గొడవా లేకుండా బయటికి పంపేస్తుంది, కొంచెం మాత్రం విషంగా మారుతుంది, దాన్ని గ్లూటాథయోన్ అనే పదార్థం అక్కడికక్కడే చల్లార్చేస్తుంది. రోజూ తాగేవాళ్ళకి ఆ విషాన్ని తయారుచేసే ఎంజైమ్ పెరిగిపోయి ఉంటుంది, గ్లూటాథయోన్ నిల్వేమో తగ్గిపోయి ఉంటుంది, తిండి లేకపోతే ఇంకా తగ్గుతుంది. ఒంట్లో ఆల్కహాల్ ఉన్నంతసేపు ఆ ఎంజైమ్ దాని పనిలోనే ఉంటుంది, తాగడం ఆపాక ఖాళీ అయి మొత్తం పారాసిటమాల్ మీద పడుతుంది. అందుకే తాగడం మానేసిన మొదటి రెండు మూడు రోజులు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. అలాగని తాగుతూ వేసుకుంటే సేఫ్ అనుకోకండి, అది ఇంకో తప్పు.

ఇప్పుడు చేయాల్సిన పని. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ మంచం మీద పోసి, పెద్దక్షరాల్లో ఉన్న బ్రాండ్ పేరు వదిలేసి, వెనక చిన్నక్షరాలు చదవండి. పారాసిటమాల్ అనే మాట, పక్కన ఎన్ని ఎంజీ, ఈ రెండూ చూస్తే చాలు. బాబాయ్ దగ్గర మూడు రకాలున్నాయి. జ్వరానికి 650 టాబ్లెట్ రోజుకి నాలుగు, అంటే 2,600 ఎంజీ. జలుబు టాబ్లెట్‌లో 500 ఉంది, అది మూడు పూటలా వేశాడు, 1,500. నడుం నొప్పికి మెడికల్ షాపులో ఇచ్చిన ఎసిక్లోఫెనాక్ టాబ్లెట్‌లో కూడా 325 ఉంది, రెండు వేశాడు, 650. మొత్తం 4,750. తాగుడు లేని ఆరోగ్యమైన పెద్దవాళ్ళకే రోజుకి 4,000 దాటకూడదు, రోజూ తాగేవాళ్ళని చాలామంది డాక్టర్లు 2,000 దగ్గర ఆపేయమంటారు. ఆయనకేమో "ఒక్క జ్వరం గోలీయే కదా" అనే లెక్క.

రోజూ తాగేవాళ్ళంటే ఎవరు అని అడుగుతారు. అమెరికాలో పారాసిటమాల్ లేబుల్ మీద రోజుకి మూడు డ్రింకులు అంతకన్నా ఎక్కువ తాగేవాళ్ళకి హెచ్చరిక ఉంటుంది, మన క్వార్టర్ విస్కీ అంటే 180 ఎంఎల్ కదా, ఆ ఒక్కదానితోనే వాళ్ళ లెక్కలో నాలుగు దాటిపోతుంది. ఎప్పుడో పెళ్ళిలో రెండు పెగ్గులేసి పొద్దున్నే తలనొప్పికి ఒక 500 వేసుకున్నవాళ్ళు, లివర్ బాగుంటే, కంగారు పడక్కర్లేదు.

అందుకని జ్వరమొస్తే ఒకే స్ట్రిప్ ఉంచుకుని మిగతా రెండూ పక్కన పెట్టేయండి. 500 టాబ్లెట్ తీసుకుంటే ఆరుగంటలకొకటి, రోజుకి నాలుగే, అదీ రెండు మూడు రోజులకి మించి సొంతంగా వద్దు. గంజి, మజ్జిగన్నం, ఏదో ఒకటి కడుపులో పడాలి. పారాసిటమాల్ బదులు ఐబుప్రొఫెన్ వేసుకుందామంటే తాగేవాళ్ళకి కడుపులో రక్తం కారే ప్రమాదం ఉంది, డెంగ్యూ అయితే అసలే వద్దు. కామెర్లు వచ్చినవాళ్ళు, లివర్ గట్టిపడిందని చెప్పించుకున్నవాళ్ళు ఒక్క టాబ్లెట్‌కైనా డాక్టర్ని అడగాలి. రోజూ ఎక్కువ తాగి సడెన్‌గా మానేసినోళ్ళకి చేతులు వణుకు, చెమటలు, ఫిట్స్ వస్తే అది వేరే ఎమర్జెన్సీ, ఆగకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి.

లిమిట్ దాటిపోయిందని తెలిస్తే బాగానే ఉన్నాను కదా అని కూర్చోవద్దు. మొదటి రోజు వికారం, వాంతి తప్ప ఏమీ కనిపించకపోవచ్చు, కొందరికి అదీ ఉండదు. రెండో మూడో రోజు కుడిపక్క పక్కటెముకల కింద నొప్పి, టీ డికాషన్ రంగులో మూత్రం, కళ్ళు పచ్చబడటం, మాట తడబడటం మొదలవుతాయి, అప్పటికే లేటు. దీనికి ఎసిటైల్‌సిస్టీన్ అని విరుగుడు ఉంది, ఎనిమిది గంటల్లోపు ఇస్తే బాగా పనిచేస్తుంది, లేటయినా ఇస్తారు. వెళ్ళేటప్పుడు స్ట్రిప్పులన్నీ కవర్లో వేసుకెళ్ళి ఏది ఎప్పుడు ఎన్ని వేశారో చెప్పండి. రోజూ ఎంత తాగుతారో, చివరిసారి ఎప్పుడు తాగారో కూడా. బాబాయ్ అక్కడ "అప్పుడప్పుడూ" అన్నాడు, పిన్ని వెనకాల నుంచి "రోజూ క్వార్టరండీ" అనేసింది, డాక్టర్ వెంటనే రక్తం తీయించి లివర్ టెస్టులకి పంపాడు.