ఏఎంసీ బేరం, 4వ పాఠం: పక్కవాళ్ళ కొటేషన్ చూపించే ముందు

పోయిన పాఠంలో "వేరే కొటేషన్ ఒకటి చేతిలో పెట్టుకుని మాట్లాడండి" అని రాసి ఊరుకున్నాను. తప్పు నాదే. రాయగడలో లాడ్జి నడిపే పాఠకుడొకరు అక్షరాలా అలాగే చేశారు. ఆయనకు 12 స్ప్లిట్ ఏసీలు. పాత ఏఎంసీ, అంటే ఏడాది పొడుగునా సర్వీసు చేసే ఒప్పందం, ఒక్కోదానికి 3,500. విజయనగరం నుంచి 2,600 అని కొటేషన్ తెచ్చి ముందు పెడితే, పాత మెకానిక్ మారు మాట లేకుండా "సరే, మీకూ అంతకే" అన్నాడు. సంబరపడి సంతకం పెట్టేశారు. మే నెలలో రెండు ఏసీల్లో గ్యాస్ పోయింది. బిల్లు చేతికొచ్చింది.

అంత సులువుగా దిగాడంటే అక్కడే అనుమానించాలి. పాతది కాంప్రహెన్సివ్, అంటే గ్యాస్, పీసీబీ, కంప్రెసర్ అన్నీ అందులోనే. విజయనగరం వాళ్ళు రాసింది లేబర్ మాత్రమే. మెకానిక్ ధర తగ్గించలేదు, సరుకు మార్చాడు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే: అందరూ కింద అంకె చూస్తారు, "వర్తించనివి" అన్న నాలుగు లైన్లు చూడరు. పైగా ఒకరు జీఎస్టీ కలిపి రాస్తారు, ఇంకొకరు విడిగా రాస్తారు. 18 శాతం తేడా అక్కడే దాక్కుంటుంది.

అందుకే ముందు మీ పాత ఒప్పందంలోని షరతులను ఒక కాగితం మీద ఎత్తి రాయండి: ఏడాదికి ఎన్ని సర్వీసులు, ఏ పార్టులు, కబురు పెట్టాక ఎన్ని గంటల్లో వస్తారు, రానుపోను ఛార్జీ ఎవరిది. ఆ కాగితమే బయటివాళ్ళకిచ్చి దాని మీదే ధర అడగండి. లాడ్జి ఆయన చేత మళ్ళీ అలా అడిగిస్తే 2,600 కాస్తా 3,300 అయింది. బేరానికి పనికొచ్చే అంకె అదీ.

"పాత కస్టమర్లం" అన్న మాటకి విలువ లేదు. దాన్ని మెకానిక్‌కి మిగిలే డబ్బుగా చెప్పాలి: "బాబూ, మూడేళ్ళలో ఒక్క చెక్కూ వారం దాటలేదు, వసూలుకి నువ్వు ఒక్కసారీ తిరగలేదు." ఏసీల సంఖ్య కూడా అంతే. లాడ్జి ఆయన బావమరిది కల్యాణ మండపంలో 5 ఏసీలు ఉన్నాయి. ఒకే రోజు, ఒకే ట్రిప్పులో 17 చూసుకోవచ్చంటే మెకానిక్‌కి పెట్రోలు, రోజు రెండూ మిగులుతాయి. 3,100 అడిగారు, 3,200 దగ్గర తెగింది. పాత ధరకి 59,500 అయ్యేది 54,400 అయింది, పార్టులు అన్నీ ఉంటూనే. ఇదంతా ఫిబ్రవరిలో జరగాలి. ఎండలు ముదిరాక మెకానిక్‌కి మీ అవసరం ఉండదు.

నేనైతే ధర ఫోన్లో మాట్లాడను, ఎదురుగా కూర్చునే మాట్లాడతాను.

అభ్యాసం: పోయిన ఏడాది సర్వీస్ స్లిప్పులన్నీ వెతికి, ఒక్కో మెషీన్‌కి ఎన్నిసార్లు వచ్చారో, ఏం మార్చారో పట్టిక వేయండి. ఎగ్గొట్టిన సర్వీసులు ఉంటే ఎర్ర సిరాతో రాయండి. స్లిప్పులు దాచలేదా? మెకానిక్ దగ్గర కాపీలుంటాయి, అడిగి తెచ్చుకోండి. వచ్చే పాఠం ఆ పట్టిక మీదే.