నోటి మూలలు పగిలాయా? బి కాంప్లెక్స్ వేసుకునే ముందు ఇది చదవండి

ఆగస్టు ఫ్లైట్లకి సూట్‌కేసులు సర్దుకుంటున్న గుంటూరు, విజయవాడ పిల్లల కోసం రాస్తున్నాను. జ్వరం మాత్రలు, జలుబు మాత్రలు, అజీర్తి పొడి, ఇవన్నీ ఎవరో ఒకరు చెప్తారు, మీరూ రాసుకుంటారు. నోటి మూలలు పగలడం గురించి మాత్రం ఎవరూ చెప్పరు. నాకూ చెప్పలేదు. రెండు చలికాలాలు అమెరికాలో ఉండి వచ్చాను, అందులో మొదటిది సగం దీనితోనే గడిచింది.

నవంబరు మొదటి వారంలో ఎడమవైపు మూల కొంచెం మంటగా అనిపించింది. నాలుగు రోజుల్లో కుడివైపు కూడా. మూలల్లో చర్మం తెల్లగా నానినట్టు ఉండి, మధ్యలో సన్నటి ఎర్రటి గీత. ఆవలిస్తే ఆ గీత చిట్లి రక్తం చుక్క వచ్చేది. పొద్దున్న లేచేసరికి మూలలు రెండూ పక్కు కట్టి అతుక్కుని ఉండేవి, పళ్ళు తోముకోవాలంటే ముందు గోరువెచ్చటి నీళ్ళతో తడిపి నోరు తెరవాలి. ఇంక అమ్మ కట్టిచ్చిన ఆవకాయ సంగతి చెప్పనక్కర్లేదు. గుంటూరోణ్ణయ్యుండి కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకోవడం అదే మొదటిసారి.

వీడియో కాల్‌లో చూసి అమ్మ "వేడి చేసిందిరా, మజ్జిగ తాగు" అంది. మావయ్య "బి కాంప్లెక్స్ తగ్గింది, రోజుకొకటి వేసుకో" అన్నాడు. మన ఊళ్ళో ఎవరి నోరు పగిలినా చెప్పేది ఈ రెండే కదా. ఇరవై రోజులు వేసుకున్నాను. మూత్రం పచ్చగా వచ్చింది తప్ప (మాత్రలో ఉండే బి2 ఎక్కువైతే అలాగే బయటికి పోతుంది, కంగారు పడకండి), పగుళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

ఎందుకు తగ్గలేదో తర్వాత తెలిసింది. విటమిన్ లోపం వల్ల నోటి మూలలు పగలడం నిజమే, కానీ అది కారణాల్లో ఒకటి మాత్రమే. చలిదేశంలో కొత్తగా దిగిన కుర్రాళ్ళకి కథ చాలాసార్లు ఉమ్మితో మొదలవుతుంది. బయట చలిగాలి, లోపల రోజంతా హీటరు, గదిలో గాలి ఎండిపోయి ఉంటుంది. పెదాలు ఎండితే నాలుకతో తడుపుకుంటాం. ఆ తడి ఆరుతూ పెదాల్ని ఇంకా ఎండబెడుతుంది, మళ్ళీ తడుపుకుంటాం. ముక్కు మూసుకుపోతే రాత్రంతా నోరు తెరిచే నిద్ర, మూలల నుంచి చొంగ. ఇలా ఉమ్మి మూలల్లో నిలబడి నిలబడి చర్మాన్ని నానబెడుతుంది. బట్టలుతికాక వేళ్ళు ముడతలు పడి మెత్తబడతాయి చూడండి, అలాంటిదే, పైగా ఉమ్మి మామూలు నీళ్ళు కాదు, తిండిని అరిగించే ఎంజైములు ఉంటాయి అందులో. నానిన చర్మం నోరు తెరిచినప్పుడల్లా చీలుతుంది. ఆ చీలికలో ఫంగస్ చేరుతుంది. క్యాండిడా అనే ఈ ఫంగస్ చాలామంది నోట్లో ఎప్పుడూ కొద్దిగా ఉండేదే, తడీ పుండూ దొరికితే పెరుగుతుంది. కొందరికి దానితోపాటు స్టాఫ్ అనే బ్యాక్టీరియా కూడా చేరుతుంది. ఫంగస్ పాతుకున్నాక మీరు ఎన్ని విటమిన్ మాత్రలు మింగినా దానికి లెక్కలేదు. దీన్ని డాక్టర్లు యాంగ్యులర్ చీలైటిస్ అంటారు, అక్కడ అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు ఈ పేరు చెప్తే పని తేలిక.

ఇప్పుడు నేను చేసిన అసలు తప్పు. డిసెంబరులో రూమ్మేట్ తన సూట్‌కేసులోంచి ఒక ట్యూబు తీసిచ్చాడు. మన మందుల షాపుల్లో తామరకనీ, దురదకనీ, ముఖం తెల్లబడటానికనీ అన్నింటికీ చేతిలో పెట్టే రకం. ఫంగస్ మందు, బ్యాక్టీరియా మందు, దానికి తోడు గట్టి స్టెరాయిడ్, మూడూ కలిపిన క్రీము. రాసిన రెండో రోజుకే ఎరుపు పోయింది, మంట పోయింది. ఆహా అనుకున్నాను. వారానికి ఆపాను. నాలుగు రోజుల్లో మళ్ళీ వచ్చింది, ఈసారి మూల దాటి గడ్డం వైపు పాకింది. మళ్ళీ రాశాను, మళ్ళీ తగ్గింది, ఆపితే మళ్ళీ వచ్చింది. స్టెరాయిడ్ చేసేది అదే: వాపునీ మంటనీ అణిచేస్తుంది కాబట్టి తగ్గినట్టే కనిపిస్తుంది, కానీ అక్కడ చర్మానికి ఉండే రక్షణని కూడా అణిచేస్తుంది, ఎక్కువ రోజులు రాస్తే చర్మం పల్చబడుతుంది కూడా. ట్యూబు మీద క్లోబెటసాల్ అనో బీటామెథసోన్ అనో ఉంటే దాన్ని ఇంట్లోనే వదిలేసి వెళ్ళండి. కొందరు డాక్టర్లు ఫంగస్ మందుతో కలిపి హైడ్రోకార్టిసోన్ అనే తక్కువ బలం స్టెరాయిడ్ కొద్ది రోజులకి రాసిస్తారు, అది వేరే సంగతి.

చివరికి యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌కి వెళ్ళాను. మీ ఫీజులోనో ఇన్సూరెన్సులోనో ఇది ఉంటుంది, ముందు అక్కడికే వెళ్ళండి. అక్కడ చూసినావిడ మందు రాసే ముందు ఐదారు ప్రశ్నలు అడిగింది. రెండు వైపులా ఉందా? ముందు చిన్న చిన్న నీటి పొక్కులు గుత్తిగా వచ్చాయా? (అలా వస్తే అది హెర్పిస్, ఎక్కువగా ఒకవైపే వస్తుంది, పొక్కులకి ముందు చిమచిమలాడుతుంది, దాని మందు వేరు.) తేనెరంగు పక్కు కడుతోందా? కడితే బ్యాక్టీరియా మీద అనుమానం, దానికి మ్యుపిరోసిన్ లాంటి ఆయింట్‌మెంటు కావాలి, అక్కడ చీటీ లేకుండా ఇవ్వరు. నోట్లో తెల్లటి పూత ఉందా? షుగరు ఉందా? ఆస్తమా ఇన్‌హేలర్ వాడతావా, ఈ మధ్య యాంటీబయాటిక్ వాడావా? తెల్లపూత ఫంగస్‌కి గుర్తు, షుగరూ ఈ మందులూ ఫంగస్‌కి దారి తీసేవి. తర్వాత నా మొహంలోకి చూసి "మాట్లాడుతూ ఇప్పటికి నాలుగుసార్లు పెదాలు తడుపుకున్నావు" అంది. నాకు ఆ స్పృహే లేదు.

ఇచ్చింది క్లోట్రిమజోల్ 1 శాతం క్రీము. ఇది అక్కడ చీటీ లేకుండానే దొరుకుతుంది, కాకపోతే కాలివేళ్ళ మధ్య పాచికి మందని డబ్బా మీద పాదం బొమ్మ వేసి అమ్ముతారు. ఇది మూతికి రాయడమేంటని నేనూ జంకాను. మందు అదే. మీ అంతట మీరు కొనేటట్టయితే ఫార్మసిస్టుకి మూలలు చూపించి, అడిగి కొనండి, ఆ మాటకి అక్కడ డబ్బు తీసుకోరు. రాసే పద్ధతి ఇది: గోరువెచ్చటి నీళ్ళతో పక్కు నానబెట్టాలి, గిల్లకూడదు. మెత్తటి గుడ్డతో అద్ది పూర్తిగా ఆరనివ్వాలి. బియ్యపుగింజంత క్రీము మూల మీద పల్చగా, పొద్దున్న ఒకసారి, రాత్రి ఒకసారి, నోటి లోపలికి పోకుండా రాయాలి. అది ఇంకాక పైన వాజిలైన్ ఒక పొర. ఆ పొర ముఖ్యం, అది ఉంటేనే ఉమ్మి చర్మానికి తగలదు. తిన్నాక, పడుకునే ముందు మళ్ళీ వాజిలైన్ రాయాలి. రంగూ రుచీ ఉండే లిప్‌బామ్‌లు వద్దు, ఆ రుచికి ఇంకా నాకుతాం, పైగా పుదీనా, దాల్చినచెక్క వాసనలవి కొందరికి పడవు.

నాలుగో రోజుకి మంట పోయింది, పదో రోజుకి గీత పూడింది, అయినా రెండు వారాలు పూర్తిగా రాయమంది, రాశాను. స్కార్ఫు మూతి మీదికి లాక్కుని నడిస్తే ఊపిరికి తడుస్తుంది, దాన్ని రోజూ మార్చాను. రక్తపరీక్షలో బి12, ఐరన్ రెండూ బాగానే ఉన్నాయి. మాత్రలు వేసుకున్నాక చేసిన పరీక్ష కాబట్టి బి12 అంకెని గట్టిగా నమ్మలేను, కానీ మానింది ఫంగస్ మందుకే, అంటే ఇరవై రోజుల బి కాంప్లెక్స్ నా విషయంలో ఉత్తదే.

అలాగని లోపాన్ని తీసిపారేయకండి. మా బ్యాచ్‌లోనే విజయవాడ పటమట అమ్మాయి ఒకతె ఉండేది, తనకీ ఇదే క్రీము ఇచ్చారు, తగ్గింది, నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది. అలా మూడుసార్లు. మెట్లెక్కితే ఆయాసం, నాలుక నున్నగా ఎర్రగా మండటం కూడా ఉన్నాయి, కానీ చదువు టెన్షన్ అనుకుని ఎవరికీ చెప్పలేదు. పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 10.4, ఫెరిటిన్ 7. ఫెరిటిన్ అంటే ఒంట్లో ఐరన్ నిల్వ, ఏడంటే దాదాపు ఖాళీ. నెలసరిలో రక్తం ఎక్కువ పోవడం, తిండి చూస్తే అన్నం, పచ్చడి, అన్నం తిన్న వెంటనే టీ. టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. డాక్టరు చెప్పినట్టు ఐరన్ మాత్రలు కొన్ని నెలలు వాడింది, టీని భోజనానికి దూరం జరిపింది, ఆ తర్వాత మూలలు మళ్ళీ పగల్లేదు. శాకాహారులైతే బి12 కూడా చూడాలి, అది పాలు, పెరుగు తప్ప మన శాకాహారంలో దాదాపు దొరకదు. అక్కడికెళ్ళాక చాలామంది పెరుగు తోడుపెట్టడం మానేసి ఊరగాయ అన్నంతో లాగించేస్తారు, అప్పుడు బి2 కూడా తగ్గుతుంది.

కాబట్టి వెళ్ళే ముందు కొత్తపేటలోనో సూర్యారావుపేటలోనో ఏదైనా ల్యాబులో బ్లడ్ కౌంట్, ఫెరిటిన్, బి12 చేయించుకోండి, అమ్మాయిలూ శాకాహారులూ తప్పకుండా. అమెరికాలో ఇన్సూరెన్సు కొర్రీలతో ఇవే పరీక్షలకి తల ప్రాణం తోకకొస్తుంది. ఒక్క సంగతి, మాత్రలు మొదలుపెట్టక ముందే రక్తం ఇవ్వండి. బి కాంప్లెక్స్ వేసుకుంటూ పరీక్ష చేయిస్తే బి12 అంకె బాగానే కనిపిస్తుంది, అసలు లోపం తెలియదు.

రెండు వారాలు సరిగ్గా రాసినా తగ్గకపోతే, తగ్గి తగ్గి మళ్ళీ వస్తుంటే, నోట్లో తెల్లపూత ఉంటే, లేదా ఒకవైపే గట్టిగా ఉండి వారాల తరబడి మానకపోతే మందు మార్చుకుంటూ కూర్చోకుండా డాక్టరుకి చూపించండి. అక్కడ దూదిపుల్లతో తడి తీసి ఫంగసా, బ్యాక్టీరియానా అని చూస్తారు, షుగరు పరీక్ష కూడా చేస్తారు.

తర్వాతెప్పుడో అమ్మానాన్నల్నో నాయనమ్మనో పిలిపించుకుంటారు కదా, వాళ్ళకి కట్టుడుపళ్ళు ఉంటే ఇది ఇంకో దారిన వస్తుంది. పళ్ళసెట్టు అరిగిపోయి వదులైతే నోరు మూసినప్పుడు కింద దవడ పై దవడకి మరీ దగ్గరగా వచ్చి మూలల్లో మడత పడుతుంది, ఆ మడతలో ఉమ్మి నిలుస్తుంది, సెట్టుకి కూడా ఫంగస్ పట్టుకుని ఉంటుంది. మా నాయనమ్మ రాత్రిళ్ళు కూడా సెట్టు తీసేది కాదు, మేం మూలలకే మందు రాస్తూ కూర్చున్నాం. సెట్టు రాత్రి తీయించి, బ్రష్‌తో తోమి నీళ్ళలో వేయడం మొదలుపెట్టాకే ఆ మందు పనిచేసింది. పెద్దవాళ్ళు రక్తం పల్చబడే వార్ఫరిన్ మాత్ర వాడుతుంటే మాత్రం మైకొనజోల్ అనే ఫంగస్ మందు ఉన్న జెల్లూ క్రీమూ డాక్టరుని అడక్కుండా రాయకండి, నోట్లోంచి ఒంట్లోకి పోయి రక్తం మరీ పల్చబడే ప్రమాదం ఉంది.