భుజాలు వదులు చేసిన కాసేపటికే మళ్లీ బిగుసుకుంటుంటే ముందు పళ్లు చూసుకోండి

లక్షణం: ఒక్కో కండరాన్నీ వరసగా బిగించి వదిలే ప్రోగ్రెసివ్ మజిల్ రిలాక్సేషన్ రోజూ చేస్తున్నారు. భుజాలు చెవుల దాకా ఎత్తి, బిగించి, వదులుతున్నారు. చేసినంతసేపూ హాయిగానే ఉంటుంది. లేచి పనిలో పడ్డాక పది నిమిషాలకే మెడ మళ్లీ పట్టేస్తుంది. కొందరికి చేశాక కణతల దగ్గర నొప్పి కూడా మొదలవుతుంది.

ముందు తేలికగా తేలేవి రెండు చూడండి. బిగించడం మీ పూర్తి బలంలో సగానికి మించకూడదు. చేతులు వణుకుతున్నా, మెడ నొప్పెడుతున్నా ఎక్కువైనట్టే. ఇక వదిలిన తర్వాతి సమయం. ఐదారు సెకన్లు బిగిస్తే ఇరవై, ముప్పై సెకన్లు ఊరికే ఉండాలి. చాలామంది ఈ రెండో భాగాన్ని మింగేసి వెంటనే తర్వాతి కండరానికి వెళ్లిపోతారు. అసలు పని జరిగేది అక్కడే. 'వదలడం' అంటే భుజాలను మెల్లగా కిందికి దించడం కాదు. దించడం కూడా కండరాల పనే. పట్టుకున్న పట్టు ఒక్కసారిగా తీసేయాలి, అవే పడాలి.

ఇవి సరిగ్గానే ఉన్నా ఫలితం లేదంటే, నన్ను చాలాకాలం మోసం చేసిన కారణం దగ్గరికి రండి: దవడ.

ఆందోళన ఎక్కువగా ఉన్నవాళ్లు తమకు తెలియకుండానే పళ్లు కరిచిపెట్టి ఉంటారు. భుజాలు బిగించేటప్పుడు దవడ కూడా వాటితో పాటు బిగుస్తుంది. భుజాలు వదిలినా అది మాత్రం వదలదు. దాని గురించి ఎవరూ చెప్పలేదు కదా! మెడ, దవడ కండరాలు కలిసి పనిచేస్తాయి కాబట్టి, దవడ బిగువుగా ఉన్నంతసేపూ మెడ పూర్తిగా వదులు కాదు.

ఉందో లేదో తేల్చుకోవడానికి ఒక నిమిషం చాలు. ఎడమ చేతి వేళ్లు కుడి దవడ మూల దగ్గర, చెవికి కొంచెం ముందు ఆనించండి. కుడి భుజం ఒక్కటే సగం బలంతో పైకి ఎత్తండి. వేళ్ల కింద కండరం ఉబ్బిందా? భుజం వదిలాక కూడా అది గట్టిగానే ఉందా? అయితే దొరికినట్టే.

మా ఇంట్లోనే ఇలా జరిగింది. అక్క రెండు నెలలుగా రోజూ రాత్రి ఈ సాధన చేస్తోంది. కూతురి గురించిన ఆలోచనలు తెగవు, ఉదయానికల్లా మెడ పట్టేస్తుంది. నేను భుజాల పద్ధతే పదేపదే సరిదిద్దాను, ఏమీ మారలేదు. చివరికి "ఇప్పుడు నీ పళ్లు తగులుతున్నాయా అక్కా?" అని అడిగాను. అడిగాకే తను గమనించింది, గట్టిగా కరిచి ఉన్నాయి. అప్పటి నుంచి క్రమం మార్చాం, దవడతో మొదలుపెట్టి భుజాలు చివరికి. మూడో వారానికి ఉదయం మెడ తిప్పడం తేలికైంది. ఆలోచనలు మాత్రం ఉన్నాయి. ఈ సాధన వాటిని ఆపదు, వాటి బరువు కండరాల మీద పడకుండా చూస్తుంది.

దవడకు పళ్లు గట్టిగా నొక్కి బిగించకండి. కణతల నొప్పి మొదలయ్యేది దానివల్లే. గడ్డం కింద పిడికిలి పెట్టి, నోరు కొంచెం తెరుస్తూ పిడికిలి మీద మెత్తగా నొక్కండి. ఐదు సెకన్లు. వదిలేయండి. ఇప్పుడు 'న' అని పలికి నాలుకను అక్కడే ఉంచండి. కొస పై పళ్ల వెనక ఆనుతుంది, పై పళ్లకీ కింది పళ్లకీ మధ్య సందు ఉంటుంది. అలాగే పెదవులు మూయండి. దవడ విశ్రాంతిగా ఉండే స్థితి అదే. అరనిమిషం అలా ఉండి, రెండోసారి చేసి, అప్పుడు భుజాలకు వెళ్లండి. భుజం వదిలిన ప్రతిసారీ పళ్ల మధ్య సందు ఇంకా ఉందో లేదో చూడండి.

ఈ పద్ధతిని తయారుచేసిన అమెరికన్ వైద్యుడు ఎడ్మండ్ జేకబ్సన్ కూడా, వదిలేశామనుకున్న తర్వాత మిగిలిపోయే చిన్న బిగువును గుర్తుపట్టడం నేర్చుకోమన్నాడు. పగలు కూడా అదే చేయండి. ఫోన్ మోగినప్పుడల్లా పళ్లు తగులుతున్నాయేమో చూసి విడదీయండి.

మిగతావి అరుదు. కళ్లు మూసుకుంటే గాభరా పెరిగితే తెరిచే చేయండి, సమయం తగ్గించండి. పొద్దున లేవగానే పళ్లు నొప్పి, అరిగిపోవడం ఉంటే దంతవైద్యుడికి చూపించండి. చేయి తిమ్మిరెక్కినా, బలం తగ్గినా మెడ వ్యాయామం ఆపి డాక్టరును కలవండి. దవడ నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే ఇది కండరాల లెక్క కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.